స్టెప్ బై స్టెప్ మెయిల్ ఎలా రాయాలి: ఇరుక్కున్న ప్రింటర్ ఉదాహరణతో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తిరుపతిలో కంప్యూటర్ సర్వీస్ పని. లాడ్జీల బిల్లింగ్ కౌంటర్లు, మెస్సులు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కాటా రూములు మా కస్టమర్లు. ప్రతి చిన్న పనికీ 70 కిలోమీటర్లు బండేసుకుని వెళ్లలేం కాబట్టి సగం సర్వీసు మెయిల్‌లోనే జరుగుతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఆ మెయిల్స్ రాయడం గురించి నన్ను అడిగేవి, నేను చెప్పేవి ఇక్కడ రాశాను. ఉదాహరణ అంతటా ఒకటే: విండోస్ కంప్యూటర్‌లో ప్రింట్ క్యూ ఇరుక్కుపోయి స్లిప్పు రాకపోవడం.

ఒక వాక్యానికి ఒకే పని అంటే ఏమిటి? వాక్యం చిన్నగా ఉంటే చాలదా?

చాలదు. తెలుగులో చిన్న వాక్యంలోనే నాలుగు పనులు ఇమిడిపోతాయి. "సర్వీస్ ఆపి, ఫోల్డర్ తెరిచి, ఫైల్స్ తీసేసి, మళ్లీ స్టార్ట్ చేయండి." ఎనిమిది తొమ్మిది మాటలే. చదవడానికి హాయిగా ఉంది. కానీ ఇందులో "ఆపి", "తెరిచి", "తీసేసి" ఒక్కొక్కటీ ఒక పని. చివర ఉన్న "చేయండి" ఒక్కటే క్రియలాగా కనిపిస్తుంది గనుక రాసినవాళ్లకు ఒకే పని చెప్పినట్టు అనిపిస్తుంది. చదివేవాళ్ల కన్ను కూడా ఆ చివరి మాట మీదే ఆగుతుంది, ముందున్న మూడూ జారిపోతాయి.

అందుకే మా దగ్గర చూసే పద్ధతి ఇది. మెయిల్ రాశాక "చేసి, తెరిచి, నొక్కి, వెళ్లి" లాంటి మాటలన్నిటి కిందా గీత గీయాలి. గీత పడిన ప్రతిచోటా వాక్యం తెగాలి, కొత్త నంబర్ పడాలి. కలిపి నొక్కే కీలు మాత్రం ఒకే పని. Ctrl కీ, A కీ రెండూ ఒకేసారి నొక్కడం ఒక పనే, దాన్ని విడగొడితే తప్పు అవుతుంది. "టైప్ చేసి Enter నొక్కండి" మాత్రం రెండు పనులు.

ఎక్కడ తెంచాలో తెలియకపోతే ఫోన్‌లో చెబుతున్నట్టు ఊహించుకోండి. ఒక మాట చెప్పి అవతలివాళ్లు "ఆ, అయిందన్నా" అనేదాకా ఎక్కడ ఆగుతారో అక్కడే నంబర్ మారాలి.

ఇంత పట్టింపు అవసరమా? కస్టమర్లకు కూడా ఈ మాత్రం తెలుసు కదా?

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మామిడి సీజన్ మధ్యలో ఒక రోజు చిత్తూరు దగ్గర ఒక కాటా రూము నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, స్లిప్పు రాలా. ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడినాయి." కిటికీ బయట హారన్లు ఫోన్‌లోనే వినిపిస్తున్నాయి. ఆ స్లిప్పులో లోడు తూకం, ఖాళీ తూకం ఉంటాయి. అది చేతికి రాకుండా తోతాపురి తెచ్చిన రైతు బండి కదిలించడు, కదిలించకూడదు కూడా.

నేను ఇంకో చోట పనిలో ఉండి, పైన చెప్పినలాంటి వాక్యం ఒకటి మెయిల్ చేశాను: "స్పూలర్ ఆపి, PRINTERS ఫోల్డర్‌లో ఉన్నవి తీసేసి, మళ్లీ స్టార్ట్ చేసి ప్రింట్ ఇవ్వండి." స్పూలర్ అంటే ప్రింట్లను వరుసలో పెట్టి ప్రింటర్‌కి పంపే విండోస్ సర్వీస్. ఆపరేటర్‌కి అందులో అర్థమైన మాటలు రెండు. "మళ్లీ స్టార్ట్ చేసి" అంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేశాడు. "ప్రింట్ ఇవ్వండి" అంటే ప్రింట్ ఇచ్చాడు. రాలేదు. మళ్లీ ఇచ్చాడు. క్యూలో ఇరుక్కున్న పని రీస్టార్ట్‌తో పోదు, అది డిస్క్ మీద ఫైలుగా ఉండిపోతుంది. నేను సాయంత్రం ఫోన్ చేసేసరికి ఒకే బండి స్లిప్పు క్యూలో ఐదుసార్లు ఉంది. ఆ ఐదూ బయటికి వచ్చి ఉంటే ఒకే తూకానికి ఐదు కాగితాలు. ఆ కాగితం మీదే డబ్బు చేతులు మారేది.

ఫోన్‌లో ఒక్కో పనీ చెప్పి, "అయింది" అనిపించుకుని, తర్వాతది చెప్పాను. పది నిమిషాల్లో అయిపోయింది. అదే మనిషి, అదే కంప్యూటర్. ఫోన్‌లో నేను చెప్పినట్టు మెయిల్‌లో రాయకపోవడమే తేడా.

మొదటి స్టెప్పుకి ముందు ఏం రాయాలి?

మూడు సంగతులు చాలు: ఈ పని వల్ల ఏం జరుగుతుంది, ఏం పోతుంది, ఏం పోదు. చదివేవాళ్ల టెన్షన్ అంతా "పోదు" దగ్గరే ఉంటుంది. ఫైల్స్ డిలీట్ చేయమని చెప్పగానే కాటా ఆపరేటర్‌కి మొదట వచ్చే అనుమానం "పొద్దున్నుంచి ఎక్కిన తూకాలు పోతాయా" అని. ఆ జవాబు ముందే లేకపోతే ఆ స్టెప్పు దగ్గర ఆగిపోతాడు. ఆగడం తెలివైన పనే. జవాబు రాయనిది మనం.

పలకరింపు ఒక్క వాక్యం. సమస్య ఎందుకు వచ్చిందన్న పాఠం వద్దు, బండ్లు నిలబడి ఉన్నప్పుడు అది ఎవరూ చదవరు.

పూర్తి మెయిల్ ఒకటి చూపిస్తారా?

ఆ రోజు తర్వాత నేను తిరగరాసింది ఇది. కొన్ని మాటలు మారాయి గానీ ఇప్పటికీ ఇదే పంపుతున్నాం.

సబ్జెక్ట్: కాటా స్లిప్పు ప్రింట్ రాకపోతే చేయాల్సినవి (18 స్టెప్పులు, 10 నిమిషాలు)

ఆపరేటర్ గారికి నమస్తే.

ప్రింటర్‌కి వెళ్లే దారిలో ఇరుక్కున్న స్లిప్పులు ఈ పనితో క్యూలోంచి పోతాయి. కాటా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిన తూకాలు పోవు. పని పూర్తయ్యేదాకా ఈ కంప్యూటర్ నుంచి ఏ ప్రింటూ రాదు. దయచేసి నంబర్ల వరుసలోనే చేయండి.

మొదటి భాగం: ప్రింటింగ్ ఆపడం

1. ప్రింట్ రాని స్లిప్పుల నంబర్లు కాగితం మీద రాసుకోండి.

2. ప్రింటర్ స్విచ్ ఆఫ్ చేయండి.

3. కీబోర్డులో విండోస్ గుర్తున్న కీ, R కీ రెండూ కలిపి నొక్కండి. Run అనే చిన్న పెట్టె తెరుచుకుంటుంది.

4. ఆ పెట్టెలో కింది మాట టైప్ చేయండి.

```
services.msc
```

5. Enter నొక్కండి. పేర్ల పెద్ద జాబితా ఒకటి తెరుచుకుంటుంది.

6. జాబితాలో P అక్షరం దగ్గరున్న Print Spooler పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కండి. చిన్న మెనూ వస్తుంది.

7. ఆ మెనూలో Stop నొక్కండి. Print Spooler పక్కన ఉన్న Running అనే మాట పోతుంది.

Stop అనే మాట మసకగా ఉండి నొక్కుడు పడకపోతే ఇక్కడే ఆగి నాకు ఫోన్ చేయండి.

రెండో భాగం: ఇరుక్కున్నవి తీసేయడం

8. విండోస్ గుర్తున్న కీ, R కీ మళ్లీ కలిపి నొక్కండి. అదే పెట్టె తెరుచుకుంటుంది.

9. పెట్టెలో పాత మాట ఉన్నా పట్టించుకోకుండా కింది లైను టైప్ చేయండి. ఏటవాలు గీత కీ Enter కీకి పైన ఉంటుంది.

```
C:\Windows\System32\spool\PRINTERS
```

10. Enter నొక్కండి. అనుమతి అడుగుతూ చిన్న పెట్టె వస్తే, అందులో Continue నొక్కండి.

11. తెరుచుకున్న ఫోల్డర్ పైభాగంలో చివరి పేరు PRINTERS అని ఉందేమో చూడండి. వేరే పేరు ఉంటే ఏదీ తీసేయకుండా నాకు ఫోన్ చేయండి.

12. Ctrl కీ, A కీ రెండూ కలిపి నొక్కండి. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ నీలం రంగులోకి మారతాయి.

13. Delete కీ నొక్కండి. నిజంగా తీసేయాలా అని అడిగితే, Yes నొక్కండి. ఫోల్డర్ ఖాళీ అవుతుంది.

మూడో భాగం: ప్రింటింగ్ మళ్లీ మొదలుపెట్టడం

14. స్క్రీన్ అడుగున ఉన్న పట్టీలో Services గుర్తు మీద నొక్కండి. పేర్ల జాబితా మళ్లీ కనిపిస్తుంది.

15. Print Spooler పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కండి.

16. వచ్చిన మెనూలో Start నొక్కండి. పక్కన Running అనే మాట తిరిగి వస్తుంది.

17. ప్రింటర్ స్విచ్ ఆన్ చేయండి.

18. కాగితం మీద రాసుకున్న నంబర్లలో మొదటి స్లిప్పుని కాటా సాఫ్ట్‌వేర్ నుంచి ఒక్కసారి మాత్రమే ప్రింట్ ఇవ్వండి.

ఆ స్లిప్పు బయటికి వస్తే మిగతావి ఒక్కొక్కటిగా ఇవ్వవచ్చు. రాకపోతే రెండోసారి ఇవ్వకండి. ఏ నంబర్ స్టెప్పు దాకా మెయిల్‌లో చెప్పినట్టు జరిగిందో నాకు తెలియజేయండి.

18 స్టెప్పులు చూస్తే కస్టమర్ బెదిరిపోరా?

స్టెప్పుల లెక్క చూసి బెదిరినవాళ్లు నాకు తక్కువే తగిలారు. ఐదు స్టెప్పుల మెయిల్‌లో మూడో నంబర్ దగ్గర చిక్కుకుని చిరాకు పడినవాళ్లు చాలామంది. చిన్న పని చేసి "అయింది" అనుకుని కిందికి దిగడం ఎవరికైనా తేలిక. పైగా మనిషి మధ్యలో లేవాల్సి వస్తుంది. బండి వస్తుంది, టీ వస్తుంది, ఎవరో కిటికీ తడతారు. తిరిగొచ్చి కూర్చున్నాక "నేను 9 చేశాను" అని గుర్తు ఉంటే చాలు. ఒకే నంబర్‌లో నాలుగు పనులుంటే ఎక్కడ ఆగాడో అతనికే తెలియదు.

నేను చేసేది భాగాలుగా విడగొట్టడం. ఆపడం, తీసేయడం, మొదలుపెట్టడం. కానీ ప్రతి భాగానికీ మళ్లీ 1 నుంచి నంబర్ వేయను. "3 దగ్గర ఆగిపోయింది" అని ఫోన్ వస్తే అది ఏ భాగంలో 3 అని అడగాల్సి రాకూడదు.

స్క్రీన్ మీద వచ్చే మార్పుకి కూడా నంబర్ ఇవ్వాలా?

వద్దు. నంబర్ చేతికి, ఫలితం కంటికి. "పెట్టె తెరుచుకుంటుంది" అన్నదానికి వేరే నంబర్ ఇస్తే, అది తాను చేయాల్సిన పనేమో అని వెతుకుతారు. అదే నంబర్‌లో రెండో వాక్యంగా రాయండి. మొదటి వాక్యం ఎప్పుడూ "-ండి" తో ముగియాలి, రెండోది "అవుతుంది, వస్తుంది, పోతుంది" తో ముగియాలి. ఈ తేడా ఒక్కటి నిలకడగా ఉంటే, రెండు మూడు స్టెప్పులయ్యాక చదివేవాళ్లకు పద్ధతి పట్టుబడుతుంది.

ప్రతి స్టెప్పుకీ ఫలితం అక్కర్లేదు. ప్రింటర్ స్విచ్ ఆఫ్ చేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఫలితం తప్పనిసరిగా ఉండాల్సింది, తప్పు జరిగినా తెలియని చోట. 7వ స్టెప్పు అలాంటిది. Stop నొక్కినా అది ఆగకపోతే, 13 దగ్గర ఫైల్స్ వాడకంలో ఉన్నాయని విండోస్ వాటిని తీయనివ్వదు. Running పోయిందో లేదో చూడమని 7 దగ్గర చెప్పకపోతే, తప్పు 7లో ఉంటే ఫోన్ 13 గురించి వస్తుంది.

జాగ్రత్తలు, "ఒకవేళ ఇలా వస్తే" అనేవి ఎక్కడ రాయాలి?

జాగ్రత్త ఎప్పుడూ పని కంటే ముందు. పై మెయిల్‌లో నిజంగా ప్రమాదం ఉన్నది ఒక్కచోటే, 13 దగ్గర. PRINTERS ఫోల్డర్‌కి పక్కనే drivers అనే ఫోల్డర్ ఉంటుంది. ఒక మెట్టు పైన ఉండగా అన్నీ ఎంచుకుని డిలీట్ కొడితే ప్రింటర్ డ్రైవర్లకే ముప్పు. నా మొదటి డ్రాఫ్ట్‌లో "గమనిక: drivers ఫోల్డర్‌ని ముట్టుకోవద్దు" అని మెయిల్ చివర రాశాను. అది చదివేసరికి డిలీట్ అయిపోయి ఉంటుంది. ఇప్పుడు 11వ స్టెప్పు మొత్తం ఆ చూపు కోసమే ఉంది. జాగ్రత్తని గమనికగా రాయకుండా ఒక పనిగా మార్చడం నాకు బాగా నచ్చిన పద్ధతి. "జాగ్రత్తగా ఉండండి" అంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. "పైన PRINTERS అని ఉందేమో చూడండి" అంటే చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

"ఒకవేళ" సంగతిలో తెలుగు మనకు సాయం చేస్తుంది. "అనుమతి అడిగితే, Continue నొక్కండి" అన్నప్పుడు షరతు ముందు వచ్చి పని తర్వాత వస్తుంది. "Continue నొక్కండి, అనుమతి అడిగితేనే" అని తిప్పి రాయకండి. సగం చదవగానే చెయ్యి కదులుతుంది. ఒక స్టెప్పులో ఒకే "వస్తే" ఉండాలి. రెండు దారులు, మూడు దారులు వచ్చే చోట మెయిల్ ఆపి ఫోన్ చేయమనడమే మేలు.

బటన్ పేర్లు తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా?

స్క్రీన్ మీద ఏ అక్షరాల్లో ఉంటే ఆ అక్షరాల్లోనే. "ఆపు నొక్కండి" అంటే స్క్రీన్ అంతా వెతికినా "ఆపు" దొరకదు. "స్టాప్" అని రాసినా, చదివి మళ్లీ Stop గా మార్చుకోవాలి. చుట్టూ వాక్యం తెలుగులో, నొక్కే మాట మాత్రం ఉన్నదున్నట్టు.

టైప్ చేయాల్సిన మాటని వేరే లైనులో పెట్టండి, దాని చివర చుక్క పెట్టకండి. ఒక లాడ్జి కౌంటర్ అబ్బాయి వాక్యం చివర నేను పెట్టిన ఫుల్‌స్టాప్‌తో సహా `services.msc.` అని టైప్ చేశాడు. విండోస్ దొరకలేదంది. అతను తూచా తప్పకుండా నేను రాసిందే చేశాడు. చాలామంది మెయిల్ ఫోన్‌లో చూస్తూ పని కంప్యూటర్‌లో చేస్తారు. కాపీ పేస్ట్ ఉండదు, చూసి కొట్టడమే. అందుకే ఏటవాలు గీత కీ ఎక్కడుంటుందో 9లో రాశాను. ఆ దారిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఎలా కొట్టినా ఫర్వాలేదు, విండోస్ తేడా చూడదు.

"నొక్కండి" అనాలా, "నొక్కాలి" అనాలా? జూనియర్‌కి "నొక్కు" అనొచ్చా?

"నొక్కాలి" మాత్రం వద్దు. ఎవరు నొక్కాలి? ఒక కస్టమర్ "సర్వీస్ ఆపాలి" అన్న లైను చదివి, నేను రిమోట్‌లో వచ్చి ఆపుతానేమో అని అరగంట కూర్చున్నారు. "ఆపబడుతుంది" అంటే ఇంకా కష్టం.

జూనియర్‌ని మనం ఎదురుగా "నువ్వు" అనే పిలుస్తాం, అందులో తప్పేమీ లేదు. కానీ స్టెప్పుల మెయిల్‌లో నేను "నొక్కండి" అనే రాస్తాను. ఆ మెయిల్ రేపు వాళ్లు కస్టమర్‌కి ఫార్వర్డ్ చేస్తారు.

స్క్రీన్‌షాట్లు పెట్టాలా?

ఒకటి రెండు చోట్ల పెట్టండి. ఈ మెయిల్‌లో అయితే 6వ స్టెప్పుకి, పెద్ద జాబితాలో ఒక పేరు వెతకాలి కాబట్టి. బొమ్మ ఉన్నా వాక్యం పూర్తిగా ఉండాలి, కాటా రూముల్లో సిగ్నల్ సరిగా లేక బొమ్మ తెరుచుకోని రోజులుంటాయి. ఇంకో సంగతి, ఆటోమేటిక్ నంబర్ల మధ్య బొమ్మ పెడితే తర్వాతి నంబర్ మళ్లీ 1 అయిపోతుంటుంది. నేను నంబర్లు చేత్తోనే టైప్ చేస్తాను.

అదే పని జూనియర్‌కి రాస్తే మెయిల్ ఎలా మారుతుంది?

స్టెప్పులు తగ్గుతాయి, కారణాలు చేరతాయి. కస్టమర్‌కి ఈ రోజు స్లిప్పు రావాలి. జూనియర్‌కి రేపు ఇంకో చోట, ఇంకో రకంగా ఇరుక్కున్నప్పుడు అర్థం కావాలి. కాబట్టి అతనికి మౌస్ దారి బదులు కమాండ్లు ఇస్తాను. Command Prompt ని Run as administrator తో తెరవమని మొదటి స్టెప్పు. ఆ తర్వాత ఒక్కో స్టెప్పుకి ఒక్కో లైను:

```
net stop spooler
del /Q "%systemroot%\System32\spool\PRINTERS\*.*"
net start spooler
```

ఒక్కో లైనుకీ కింద ఒక వాక్యంలో కారణం రాస్తాను. మొదటిది ఎందుకంటే, స్పూలర్ నడుస్తున్నంతసేపు ఆ ఫైల్స్‌ని పట్టుకుని ఉంటుంది. రెండోది తీసేసేవి SPL, SHD అనే రెండు రకాల ఫైల్స్. ప్రింట్ కావాల్సిన సరుకు SPL లో ఉంటుంది, ఆ పని ఎవరిది, ఏ ప్రింటర్‌కి అన్న వివరాలు SHD లో ఉంటాయి. రెండో లైనుకి Could Not Find అని జవాబు వస్తే అది తప్పు కాదు, ఫోల్డర్ ముందే ఖాళీగా ఉందని అర్థం. అప్పుడు జూనియర్ తెలుసుకోవాల్సింది ఏమిటంటే, సమస్య క్యూలో లేదు. కేబుల్, పేపర్, ప్రింటర్ ఎంపిక, వీటి వైపు చూడాలి.

ఈ ఆఖరి ముక్కే జూనియర్ మెయిల్‌కి ప్రాణం. కస్టమర్ మెయిల్‌లో అది ఉండకూడదు. అతనికి "రాకపోతే ఆగి చెప్పండి" చాలు.

ఈ మూడు లైన్లు ఒక ఫైల్‌లో పెట్టి కస్టమర్‌కి అటాచ్ చేసి పంపితే సరిపోదా?

పంపినా చేరదు, జీమెయిల్ .bat ఫైల్స్‌ని అడ్డుకుంటుంది. జిప్ చేసో, పేరు మార్చో పంపే దారులు మన పిల్లలు వెతుకుతారు. నేను ఒప్పుకోను. మెయిల్‌లో వచ్చిన ఫైల్‌ని నొక్కడం మనమే అలవాటు చేస్తే, రేపు మన పేరుతో ఇంకెవరో పంపింది కూడా నొక్కుతారు. ఒకే చోట ఈ సమస్య మాటిమాటికీ వస్తుంటే, ఈసారి మనిషి వెళ్లినప్పుడు ఆ ఫైల్‌ని కంప్యూటర్‌లో పెట్టి, ఎలా వాడాలో పక్కన కూర్చుని చూపించి రావాలి. అసలు మాటిమాటికీ ఎందుకు ఇరుక్కుంటోందో కూడా అప్పుడే చూడాలి.

పంపేముందు మెయిల్ సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రాసినవాళ్లు చదివితే తెలియదు. మనకు తెలిసిన పని కాబట్టి లేని స్టెప్పుని కూడా మనసు పూరించుకుంటుంది.

షాపులో లెక్కలు చూసే అమ్మాయిని కూర్చోబెడతాను. ఆమెకు కంప్యూటర్ వాడకం వచ్చు, సర్వీస్ పని రాదు. మెయిల్ చేతికిస్తాను, వెనక నిలబడతాను, ఏమీ మాట్లాడను. నోరు మూసుకుని ఉండటమే ఇందులో కష్టమైన భాగం. ఆమె మౌస్ ఎక్కడ ఆగిందో చూస్తాను. ఈ మెయిల్‌నే మొదటిసారి పరీక్షించినప్పుడు 13 అయ్యాక ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను "Print Spooler మీద కుడి బటన్ నొక్కండి" అని రాశాను. కానీ స్క్రీన్ మీద అప్పుడున్నది ఖాళీ ఫోల్డర్. జాబితా దాని వెనక ఉంది. నాకు అది కనిపించకపోయినా అక్కడ ఉందని తెలుసు, ఆమెకు తెలియదు. అలా పుట్టిందే ఇప్పుడున్న 14వ స్టెప్పు.

మనిషి దొరకకపోతే మీరే చేయండి, కానీ వేరే కంప్యూటర్‌లో, మెయిల్ ఫోన్‌లో చూస్తూ, ప్రతి స్టెప్పునీ పైకి చదువుతూ. రాసింది మాత్రమే చేయండి. రాయనిది ఏదైనా మీ చెయ్యి దానంతటదే చేసిందంటే, అది రాయాల్సిన స్టెప్పు.

"చేశాను సార్, పని చేయలేదు" అని ఒక్క లైను జవాబు వస్తే?

మెయిల్ మళ్లీ మొదటి నుంచి పంపకండి. రెండు ప్రశ్నలే అడగండి. "ఏ నంబర్ స్టెప్పు దాకా మెయిల్‌లో చెప్పినట్టే జరిగింది?" "ఇప్పుడు స్క్రీన్ మీద ఏముంది, ఒక ఫోటో పంపుతారా?" ఫోన్‌తో తీసిన వంకర ఫోటో అయినా చాలు.

7 దగ్గర ఆగిందని తేలితే ఎక్కువసార్లు అది అడ్మిన్ లాగిన్ కాకపోవడమే. Stop మసకగా ఉంటుంది. అప్పుడు మెయిల్‌తో పని కాదు, యజమాని పాస్‌వర్డ్ కావాలి. 13 దగ్గర ఆగిందని తేలితే 7 దగ్గర Running పోయిందా అని అడగండి. 18 అని వస్తే, అంటే అన్నీ జరిగి కూడా స్లిప్పు రాకపోతే, క్యూ బాగానే ఉంది, ప్రింటర్ దగ్గర చూడాలి. డాట్ మ్యాట్రిక్స్ అయితే మూడు కాపీల పేపర్ పక్కన పళ్ల చక్రాల మీద నుంచి తప్పిపోయిందేమో ముందు అడుగుతాను.

అలా జవాబు వచ్చిన ప్రతిసారీ, ఆ నంబర్ దగ్గర మెయిల్‌లో ఏం మారిస్తే ఈ ఫోన్ వచ్చేది కాదో చూసి, మా దగ్గరున్న మూల కాపీలో అప్పుడే మారుస్తాను. 10లో Continue గురించిన వాక్యం, 18లో "ఒక్కసారి మాత్రమే" అన్న మాట అలా చేరినవే.